పాత డాక్టరు సంచిలోని పనిముట్లను గుర్తుపట్టడం ఎలా? మూతి, పిడి, కీలు చూసి చెప్పే పద్ధతి

మా అత్తయ్య వాళ్ల మామగారు గుంటూరు జిల్లాలో ఎల్.ఎం.పి. డాక్టరుగా చేశారు. ఆ రోజుల్లో పల్లెటూళ్లో డాక్టరంటే జ్వరానికి మందిచ్చేదీ, గడ్డ కోసేదీ, పురుడు పోసేదీ, పన్ను పీకేదీ అన్నీ ఆయనే. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన తోలు సంచి దొరికింది. నేను పళ్ల డాక్టర్ని కాబట్టి అత్తయ్య నాకు ఫోన్ చేసింది. "ఇరవై దాకా ఉన్నాయిరా, నాకైతే అన్నీ పటకార్లలాగే కనిపిస్తున్నాయి" అంది.

చూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ప్రతి పనిముట్టులోనూ చూడాల్సినవి మూడే: చేత్తో పట్టుకునే పిడి, రెండు సగాలు కలిసే కీలు, పని చేసే మూతి. ఈ వరుసలోనే చూడండి. మూతితో మొదలుపెడితే తికమకపడతాం, ఎందుకంటే పైపైన చూస్తే మూతులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ముందు పిడి చూస్తే సగం పనిముట్లు పక్కకు పోతాయి.

ముందుగా: సంచిని తలకిందులుగా కుమ్మరించకండి

మందపాటి గ్లవ్స్ వేసుకుని, కింద తెల్ల గుడ్డ పరిచి, ఒక్కొక్కటిగా తీయండి. అడుగున సూదులు, కత్తి బ్లేడ్లు, పగిలిన మందు సీసాలు ఉండొచ్చు. థర్మామీటరు పగిలి ఉంటే పాదరసం కూడా ఉంటుంది. ఏదైనా గుచ్చుకుంటే కడిగేసి ఊరుకోకుండా డాక్టరుకు చూపించి టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.

తుప్పు కనిపించింది కదా అని చింతపండుతోనో గరుకు కాగితంతోనో తోమకండి. తయారీదారు పేరు, నంబరు సాధారణంగా కీలు పక్కనో పిడి లోపలి వైపో సన్నగా కొట్టి ఉంటాయి. రెండుసార్లు గట్టిగా తోమితే అవి చెరిగిపోతాయి. కీలు బిగుసుకుపోతే ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి ఒక రోజు ఆగండి. బలవంతంగా విప్పితే పాత ఉక్కు పుటుక్కున విరుగుతుంది.

మొదటి మెట్టు: పిడి

కత్తెరకు ఉన్నట్టు వేళ్లు దూర్చే రింగులున్నాయా, లేక కటింగ్ ప్లేయరులాగా అరచేత్తో పట్టుకునే పొడవాటి కాడలున్నాయా? రింగులుంటే అది వేళ్లతో సున్నితంగా చేసే పనికి. గరుకు గీతలతో మందపాటి కాడలుంటే అది బలం పెట్టి చేసే పనికి, అంటే పన్ను పీకడానికో ఎముక కొరకడానికో.

రింగులున్న వాటిలో రింగుల దగ్గర, రెండు కాడల మధ్య, చిన్న పళ్ల పట్టీ ఉందేమో చూడండి. మూస్తే టిక్ టిక్ మని పడి, చెయ్యి తీసినా అలాగే బిగిసి ఉంటుంది. దీన్ని రాచెట్ అంటారు. అది ఉంటే ఏదో ఒకదాన్ని పట్టుకుని వదలకుండా ఉంచే పనిముట్టు. లేకపోతే కత్తెరో, గడ్డ తెరిచే ఫోర్సెప్స్ అనే పటకారో అయ్యే అవకాశం ఎక్కువ.

పిడి దేనితో చేశారన్నది కాలాన్ని చెబుతుంది. నల్ల ఎబొనీ చెక్క, ఎముక, దంతం పిడులు ఎక్కువగా 1890 కంటే ముందు తయారైన వాటికి ఉంటాయి. పనిముట్లను మరిగించాలి, ఆవిరి పట్టాలి అన్న నియమం వచ్చాక చెక్క పిడులు నిలవలేదు, వేడికి చీలిపోయేవి. దాంతో మొత్తం లోహంతోనే చేసి నికెల్ పూత వేయడం మొదలైంది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఆ తర్వాతి మాట. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దాన్ని తయారుచేసింది 1913లో.

చాలామంది అయస్కాంతం పెట్టి చూసి, "అంటుకుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ కాదు" అంటారు. అది పొరపాటు. కత్తెరలకు, ఫోర్సెప్స్‌కు వాడే గట్టి స్టెయిన్‌లెస్‌కు కూడా అయస్కాంతం అంటుకుంటుంది. దానికంటే అంచులు చూడండి. పూత పొరలు పొరలుగా లేచి కింద తుప్పు కనిపిస్తే అది పూత వేసిన మామూలు ఉక్కు.

రెండో మెట్టు: కీలు

కీలు పక్కనుంచి చూడాలి. సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి.

ఒక సగం మీద ఇంకో సగం పడి, మధ్యలో స్క్రూ ఉంటే చాలావరకు కత్తెర. పదును పెట్టాలన్నా, వదులైతే బిగించాలన్నా స్క్రూ కావాలి కదా. పళ్ల ఫోర్సెప్స్‌లోనూ ఇలాంటి కీలు ఉంటుంది, కాకపోతే బాగా మందంగా.

రెండోది బాక్స్ జాయింట్. ఒక సగానికి నడుమ చీలిక ఉంటుంది, ఆ చీలికలోంచి రెండో సగం దూరి బయటికి వస్తుంది, గుండీ కాజాలోంచి వచ్చినట్టు. ఎంత వాడినా పక్కలకు ఊగదు కాబట్టి రక్తనాళం పట్టే ఫోర్సెప్స్‌కు ఇది బాగా సరిపోతుంది.

మూడోది విడదీసే కీలు. ఒక సగానికి మేకు తల లాంటి బుడిపె, రెండో సగానికి దానికి తగిన గాడి. బాగా వెడల్పుగా తెరిస్తే రెండు ముక్కలుగా ఊడి వస్తుంది. ఇరుకు సందుల్లో కూడా శుభ్రం చేయడానికి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన పద్ధతి ఇది. ఊడి వస్తే విరిగిందని భయపడకండి. రెండు సగాల మీదా ఒకే అంకె కొట్టి ఉంటుంది, ఆ జత చూసి కలపాలి.

అత్తయ్య వాళ్ల సంచిలో, మధ్యలో కిటికీలా ఖాళీ ఉన్న పెద్ద చెంచాల్లాంటివి రెండు విడివిడిగా దొరికాయి. స్క్రూ లేదు, మేకు లేదు. "ఇవి విరిగిపోయాయి, పారేద్దాం" అని పక్కన పెట్టారు. నిజానికి అవి కాన్పు ఫోర్సెప్స్. ఒకదాని గాడిలో ఇంకోటి ఊరికే ఒదుగుతుంది. బిడ్డ తలకు అటొకటి ఇటొకటి వేరువేరుగా పెట్టి, తర్వాత కలపాలి కాబట్టి వాటిని అలాగే చేస్తారు.

మూడో మెట్టు: మూతి

ఇక్కడ తొందరపడొద్దు. పనిముట్టును పూర్తిగా మూసి, కిటికీకి ఎదురుగా పట్టుకుని, మూతుల మధ్య వెలుతురు వస్తోందా లేదా చూడండి. తర్వాత తెరిచి లోపలి వైపు గీతలు చూడండి. వీలైతే భూతద్దం వాడండి.

రాచెట్ ఉండి, మూతి కాస్త పొడవుగా, లోపల అడ్డంగా గీతలుంటే ఆర్టరీ ఫోర్సెప్స్. రక్తం కారే నాళాన్ని నొక్కి పడుతుంది. లండన్ సర్జన్ స్పెన్సర్ వెల్స్ పేరుతో పిలిచే రకం పాత సంచుల్లో తరచుగా ఉంటుంది. అదే ఆకారంలో ఉండి కొసన ఒక పక్క ఒక పన్ను, రెండో పక్క దాన్ని ఇముడ్చుకునే రెండు పళ్లు ఉంటే అది కోకర్. 1909లో నోబెల్ అందుకున్న స్విస్ సర్జన్ థియోడర్ కోకర్ పేరు అది.

మూతి పొట్టిగా, మొద్దుగా ఉండి, లోపల గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ జల్లెడలా ఉంటే నీడిల్ హోల్డర్. కుట్లు వేసే సూదిని పట్టుకునేది ఇదే. సూది ఏ కోణంలో పెట్టినా జారకూడదు, అందుకే ఆ గళ్ళు. ఎక్కువమంది పొరపడేది ఆర్టరీ ఫోర్సెప్స్, నీడిల్ హోల్డర్ దగ్గరే, కాబట్టి మూతి పొడవునూ గీతలనూ కలిపి చూడాలి.

సన్నగా, పొడవుగా ఉండి, గీతలు కొసన మాత్రమే ఉండి, రాచెట్ లేకపోతే సైనస్ ఫోర్సెప్స్ అనుకోవచ్చు. చీము గడ్డకు చిన్న గాటు పెట్టి, దీన్ని మూసి లోపలికి పంపి, లోపల తెరుస్తారు. పట్టి ఉంచే పనే లేదు కాబట్టి రాచెట్ అక్కర్లేదు.

అరచేత్తో పట్టే వాటిలో, మూసినప్పుడు అంచులు గోళ్ల కట్టర్‌లా పూర్తిగా కలిసి, పదునుగా ఉండి, కాడల మధ్య స్ప్రింగు ఉంటే ఎముకను కొరికేది. దాన్ని చాలామంది పళ్ల పటకారు అనుకుంటారు. పంటి పటకారు మూతి లోపల గుల్లగా ఉంటుంది, పంటిని కోయదు, చుట్టూ పట్టుకుంటుంది.

ఒక పటకారును చివరిదాకా చూద్దాం

సంచిలో తీసిన ఒకదాని లెక్క ఇది. మొత్తం పొడవు 17 సెం.మీ. రింగులు లేవు, కాడల మీద గరుకు గళ్లు. కీలు మందంగా ఉంది. కీలు నుంచి కొసకు మూడున్నర సెం.మీ., కీలు నుంచి పిడి చివరకు పదమూడున్నర. అంటే చేత్తో నొక్కిన బలం కొస దగ్గర దాదాపు నాలుగింతలవుతుంది. పన్ను పీకేదే అనడానికి అదొక ఆధారం.

మూసి వెలుతురులో పెడితే కొసల మధ్య దాదాపు ఐదు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. అంటే పట్టుకునేది లావైన పన్నును. మూతిలో ఒక సగం, అంటే ఒక ముక్కు, కొస గుండ్రంగా ఉంది. రెండో ముక్కు మధ్యలో మొనదేలి, దానికి అటూ ఇటూ రెండు చిన్న గుంటలున్నాయి.

ఈ మొన దగ్గరే అసలు విషయం ఉంది. పై వరసలో నమిలే దవడ పన్నుకు సాధారణంగా మూడు వేర్లు, రెండు చెంప వైపు, ఒకటి అంగిలి వైపు. మొన చెంప వైపు రెండు వేర్ల సందులోకి వెళ్తుంది, గుండ్రటి ముక్కు అంగిలి వైపు ఒంటి వేరును పట్టుకుంటుంది. కింది వరసలోని దవడ పన్నుకు ముందొకటి, వెనకొకటి, రెండు వేర్లే. వాటి సందు రెండు పక్కలా ఉంటుంది కాబట్టి కింది పటకారుకు రెండు ముక్కులూ మొనదేలి ఉంటాయి, పైగా మూతి చిలక ముక్కులా కాడకు అడ్డంగా ఒంగి ఉంటుంది. మాది ఎస్ ఆకారంలో కొద్దిగానే ఒంగింది, ఒక్క మొనే ఉంది. కాబట్టి పై దవడది.

పంటి ఆకారానికి సరిపోయేలా ముక్కులు చేయాలన్న ఆలోచనను 1840 ప్రాంతంలో లండన్‌లో జాన్ టోమ్స్ ఆచరణలో పెట్టాడు. పరికరాలు చేసే ఎవ్రార్డ్ అనే ఆయన వాటిని తయారుచేశాడు. దానివల్లే ఇప్పటికీ ముక్కు చూసి పన్ను చెప్పగలుగుతున్నాం.

కుడిదా, ఎడమదా? ఎదురుగా మనిషి కూర్చున్నాడనుకోండి. కాడలు మీ వైపు, మూతి అవతలి వైపు, కొసలు పైకి ఉండేలా పట్టుకోండి. మొన మీ ఎడమ వైపుంటే, అది ఎదుటి మనిషి కుడి చెంప. మాదానికి మొన ఎడమ వైపే ఉంది, కాబట్టి కుడి పై దవడ పటకారు. తర్వాత గుడ్డతో మెల్లగా తుడిస్తే కాడ లోపల 17 అని కనిపించింది. ఇంగ్లీషు పద్ధతిలో 17 కుడి పై దవడకు, 18 ఎడమకు. అమెరికన్ పద్ధతిలో లెక్క వేరు, 53 పక్కన ఆర్ లేదా ఎల్ అని ఉంటుంది. అంకెను సాక్ష్యంగా చివర్లో చూడండి, దాంతో మొదలుపెట్టకండి. ఒకే అంకెను వేరే పద్ధతిలో వేరే పటకారుకు వాడతారు.

దాని పక్కనే ఉన్న ఇంకో పటకారు మూస్తే వెలుతురు అసలు రాలేదు. ముక్కులు సన్నగా ఉండి కొసలు కలిసిపోయాయి. పన్ను విరిగి వేరు మిగిలిపోతే తీసేది అది. కొసలు కలవకపోతే సన్నటి వేరు దొరకదు.

చీటీ రాసేటప్పుడు

పేరు కంటే ముందు చూసింది రాయండి: "17 సెం.మీ., రింగులు లేవు, ఒక ముక్కు మొనదేలింది, అంకె 17". పేరు తప్పైనా వర్ణన మిగులుతుంది, తెలిసినవాళ్లు తర్వాత సరిచేస్తారు. ఊరి పేరు కొట్టి ఉంటే అదీ రాయండి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ పేరు పక్కన ఇండియా అని ఉంటే 1947 విభజనకు ముందుదని తెలుస్తుంది. రాచెట్లను బిగించి ఉంచకుండా వదులుగా వదిలి, ఒక్కోదాన్ని వేరువేరుగా పొడి నూలు గుడ్డలో చుట్టండి. తోలు సంచిలో మళ్లీ పెట్టొద్దు, తోలు పట్టుకున్న తేమకు తుప్పు ఇంకా పెరుగుతుంది. మా 17కు జత అయిన 18 కోసం సంచి లైనింగు కూడా తడిమి చూశాను, దొరకలేదు. చీటీ మీద "జతలో ఎడమది లేదు" అని రాసి అత్తయ్యకు ఇచ్చాను.