కుజదోషం మాట విని కంగారు పడ్డవాళ్లకు మెసేజ్ ఎలా రాయాలి?

పొద్దున కూతురి జాతకం చూపించుకుని, కుజదోషం ఉందన్న మాట విని వెళ్లిన తల్లి ఆ రాత్రే వాట్సాప్‌లో అడుగుతుంది: "గురువుగారూ, ఈ సంబంధం వద్దనుకోమంటారా? నిద్ర పట్టట్లేదు." జాతకాలు చూసేవాళ్లలో ఇలాంటి మెసేజ్ అందుకోనివారు ఉండరు. "ఏం కాదులెండి" అని ఒక్క ముక్క పెడితే ఆమె టెన్షన్ తగ్గదు. పొద్దున చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అనే అనుమానం కూడా మొదలవుతుంది.

రాసే ముందు చక్రం మళ్లీ వేయండి. ఉదాహరణకు 1998 మార్చి 5, సాయంత్రం 7 గంటలకు గుంటూరులో పుట్టిన అమ్మాయి అనుకుందాం. లాహిరి అయనాంశతో వేస్తే కన్యాలగ్నం వస్తుంది. మీనంలో ఉన్న కుజుడు ఏడో ఇంట పడతాడు. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం కాబట్టి పొద్దున చెప్పిన మాటలో తప్పు లేదు. కానీ లగ్నం కన్యలో మొదటి మూడు డిగ్రీల్లోనే, అంటే సరిగ్గా అంచుమీద ఉంది. లగ్నం సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. ఆ అమ్మాయి 6:50కి పుట్టి ఉంటే లగ్నం సింహమవుతుంది, కుజుడు ఎనిమిదో ఇంటికి వెళ్తాడు. అష్టమం మీనమైతే దోషం లేదని పరిహార నియమం చెబుతుంది. పైగా సింహలగ్నానికి కుజుడు యోగకారకుడు. పది నిమిషాల తేడాతో ఫలితమే మారిపోతుందన్నమాట. "ఏడు" అని గుండుగుత్తగా చెప్పిన సమయాన్ని నమ్మి పెళ్లి సంబంధం వదులుకోవడం సరికాదు.

చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా చూడండి. ఈ జాతకంలో చంద్రుడు వృషభంలో ఉన్నాడు కాబట్టి కుజుడు పదకొండో ఇంట ఉన్నట్టు. శుక్రుడు మకరంలో ఉన్నాడు కాబట్టి మూడో ఇంట. రెండూ దోషస్థానాలు కావు. ఆ తల్లికి ధైర్యం చెప్పడానికి ఇది నిజంగా పనికొచ్చే మాట.

ఇక మెసేజ్. ముందు ఆమె భయాన్ని ప్రస్తావించాలి, తర్వాత చూసింది చెప్పాలి, చివర ఆమె రేపే చేయగల పని ఒకటి ఇవ్వాలి. ఇలా రాయవచ్చు:

"అమ్మా, నమస్కారం. పొద్దున నేను చెప్పిన మాటతో మీకు కంగారు కలిగిందని అర్థమైంది. పాప లగ్నం నుంచి కుజుడు ఏడో ఇంట ఉన్నాడు, అది దాచను. కానీ పన్నెండు స్థానాల్లో ఐదు దోషస్థానాలే కాబట్టి లగ్నం నుంచి చూస్తే వందలో సుమారు నలభై జాతకాలకు ఈ దోషం కనిపిస్తుంది. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి పాపకు దోషం లేదు. పుట్టిన సమయం పది నిమిషాలు ముందైతే లగ్నం నుంచి కూడా ఉండదు. రేపు ఆసుపత్రి కాగితాలు వెతకండి. అబ్బాయి జాతకం కూడా పంపండి. అప్పటిదాకా అటువాళ్లకు అవునని గానీ కాదని గానీ చెప్పకండి. రేపు సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం."

కాగితాలంటే ఏవో కూడా చెప్పాలి. జనన ధ్రువీకరణ పత్రంలో మామూలుగా తేదీ ఉంటుంది, సమయం ఉండదు. డిశ్చార్జి కాగితంలోనో, కాన్పు రోజు కేస్ షీట్‌లోనో రాసి ఉంటుంది. అవి లేకపోతే కాన్పు దగ్గరున్న అమ్మమ్మనో పెద్దమ్మనో అడగమనండి. "దీపాలు పెట్టాక పుట్టిందా, అంతకుముందా?" అని అడిగితే గడియారం చూడనివారికి కూడా గుర్తొస్తుంది. అయితే పది నిమిషాల తేడా తేలాలంటే ఆ జ్ఞాపకం ఒక్కటే చాలదు.

ఆ మెసేజ్‌లో శాంతి హోమం రేటు పెట్టకండి. భయంలో ఉన్న మనిషి ఎంతైనా ఇచ్చేస్తుంది, అది మనకు తగని డబ్బు. ఆమే అడిగితే మంగళవారం సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్లి రమ్మనండి, శక్తి కొద్దీ కందులు దానం చేయమనండి. "భర్తకు గండం" లాంటి మాట అసలు రాయకూడదు. ఆ స్క్రీన్‌షాట్ చుట్టాల గ్రూపుల్లో తిరిగితే ఆ అమ్మాయికి వచ్చే ప్రతి సంబంధానికీ అదే అడ్డవుతుంది. ఒకవేళ తల్లి గానీ కూతురు గానీ బతకాలని లేదన్నట్టు మాట్లాడితే జాతకం పక్కన పెట్టి వెంటనే ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరిని తోడుండమనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇవ్వండి.

కాగితంలో ఏడు గంటలనే ఉంటే ఆ మాటా చెప్పేయాలి. దోషం లగ్నం నుంచి ఉంది, మిగతా రెండింటి నుంచి లేదు. అప్పుడు అబ్బాయి చక్రం చూడండి. అతనికీ కుజదోషం ఉంటే సమానమైందని చెప్పవచ్చు. లేకపోతే ఏడో ఇంటి మీద గురుదృష్టి, సప్తమాధిపతి బలం కూడా చూసి చెప్పండి. అబ్బాయి నడవడి, ఆరోగ్యం, ఉద్యోగం గురించి విడిగా విచారించుకోవాల్సింది వాళ్లేనని కూడా అదే ఫోన్‌లో చెప్పండి.