మెంబ్రేన్ ఫిల్టర్‌తో నీళ్లలో ఫీకల్ కోలిఫాం లెక్కించడం ఎలా?

నీళ్లలో మలం కలిసిందా లేదా అన్నది తేల్చడానికి మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియాను, అంటే ఫీకల్ కోలిఫాంను వెతుకుతాం. దానికి మన ల్యాబుల్లో ఇప్పటికీ ఎక్కువగా ట్యూబుల పద్ధతే, అంటే ఎంపీఎన్ వాడుతున్నారు. ఊళ్లలో నల్లగా మారే హెచ్‌టూఎస్ సీసాలు వాడతారు. ఆ సీసా బ్యాక్టీరియా ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఎంపీఎన్ సంఖ్య చెబుతుంది కానీ అది అంచనా. పైగా మొదటి ట్యూబులకు 48 గంటలు, తర్వాత నిర్ధారణకు ఇంకో రోజు కావాలి. మెంబ్రేన్ పద్ధతిలో నీళ్లను సన్నని రంధ్రాల పొర గుండా వడకట్టి, దాని మీద చిక్కిన బ్యాక్టీరియాను అగార్ మీద పెంచుతాం. 24 గంటల్లో అవి కాలనీలుగా కంటికి కనిపిస్తాయి, వాటిని లెక్కపెట్టడమే. కాబట్టి నీళ్లు మరీ బురదగా లేనంత వరకు మెంబ్రేనే వాడాలి. కాలవ నీళ్లలాంటివి మెంబ్రేన్ రంధ్రాలను మూసేస్తాయి, అలాంటప్పుడు ట్యూబులకు వెళ్లండి.

కావలసినవి

47 మిల్లీమీటర్ల వెడల్పు, 0.45 మైక్రాన్ల రంధ్రాలు, గళ్లు గీసిన స్టెరైల్ మెంబ్రేన్లు. స్టీలు ఫన్నెల్, వ్యాక్యూమ్ పంపు, చదునైన మొన ఉన్న ఫోర్సెప్స్, స్పిరిట్ ల్యాంపు, చిన్న పెట్రి ప్లేట్లు, స్టెరైల్ నీళ్లు, వాటర్ బాత్. గాలి ఇంక్యుబేటర్ వద్దు, కారణం కిందే చెబుతాను. మెంబ్రేన్ల మధ్య రంగు కాగితాలు ఉంటాయి. తొందరలో మెంబ్రేన్ బదులు ఆ కాగితాన్నే ఫన్నెల్ కింద పెట్టి నీళ్లు పోసేవాళ్లు ఉన్నారు. గళ్లున్న తెల్లదే మెంబ్రేన్.

మీడియం ఎం-ఎఫ్‌సి అగార్. డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారం కలిపి, రోసాలిక్ యాసిడ్ ద్రావణం లీటరుకు 10 మిల్లీలీటర్లు చేర్చి, మరిగే దాకా వేడి చేసి దించేయండి. దీన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, రోసాలిక్ యాసిడ్ పాడవుతుంది. కొంచెం చల్లారాక, గడ్డకట్టకముందే ప్లేట్లలో పోసి ఫ్రిజ్‌లో చీకట్లో ఉంచండి, రెండు వారాలు పనికొస్తాయి. ఇందులోని పిత్త లవణాలు చాలా ఇతర బ్యాక్టీరియాను అణిచేస్తాయి. లాక్టోజ్‌ను పులియబెట్టి ఆమ్లం చేసే కాలనీకి అనిలిన్ బ్లూ వల్ల నీలం రంగు వస్తుంది.

క్లోరిన్ వేసిన నీళ్లయితే శాంపిల్ సీసాలో ముందే 3 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.1 మిల్లీలీటరు వేసి స్టెరిలైజ్ చేయండి. లేకపోతే సీసా ల్యాబుకు వచ్చేలోపు క్లోరిన్ తన పని తాను చేసుకుపోతుంది, ఊళ్లో ఉన్న బ్యాక్టీరియా మీ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఉండదు. సీసా ఐసు డబ్బాలో రావాలి.

వడపోత

ఫన్నెల్‌ను ఆటోక్లేవ్ చేసి పని మొదలుపెట్టండి. మెంబ్రేన్‌ను గళ్లు పైకి ఉండేలా పెట్టి ఫన్నెల్ బిగించండి. శాంపిల్‌కు ముందు 100 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు వడకట్టి ఒక ప్లేటు వేయాలి. అది బ్లాంక్. అన్ని శాంపిళ్లూ అయ్యాక మళ్లీ ఒకటి వేయాలి. మొదటి బ్లాంక్‌లో కాలనీలు వస్తే ఫన్నెల్‌గానీ నీళ్లుగానీ స్టెరైల్ కాలేదు. చివరి దాంట్లో వస్తే ఒక శాంపిల్ బ్యాక్టీరియా ఇంకో శాంపిల్‌లోకి వెళ్లింది. రెండింటిలో ఏది జరిగినా ఆ రోజు లెక్కలు రిపోర్టులో రాయడానికి లేదు. అందుకే శుభ్రమైన నీళ్లతో మొదలుపెట్టి మురికి నీళ్లతో ముగించాలి.

సీసాను గట్టిగా ఊపి, కొలిచి పోయండి. 20 మిల్లీలీటర్ల కంటే తక్కువ పోస్తున్నప్పుడు ముందు ఫన్నెల్‌లో కొన్ని స్టెరైల్ నీళ్లు పోసి, వాటిలో శాంపిల్ వేయాలి. లేకపోతే బ్యాక్టీరియా అంతా మెంబ్రేన్‌లో ఒక మూలకే చేరుతుంది. నీళ్లు దిగాక ఫన్నెల్ గోడలను 20, 30 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు కడగండి. ఆ నీళ్లు దిగగానే వ్యాక్యూమ్ ఆపేయాలి, పంపు అలాగే ఆడుతుంటే మెంబ్రేన్ మీదున్న కణాలు ఎండిపోతాయి.

మెంబ్రేన్‌ను అగార్ మీద పరవడం

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. వడపోత ఎంత బాగా చేసినా ఈ పది సెకన్లలో పాడుచేసే అవకాశం ఉంది. దయచేసి ఇక్కడ నెమ్మదించండి.

ముందు ప్లేటు సంగతి. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే వాడకండి. మూత లోపలి చెమ్మ అగార్ మీద పడి తడి పొరలా నిలుస్తుంది. ఆ తడి మీద మెంబ్రేన్ పెడితే కాలనీలు గుండ్రంగా రాకుండా చారలుగా పాకుతాయి. ప్లేట్లను తలకిందులుగా బయట పెట్టి, గది వేడికి వచ్చి చెమ్మ ఆరాకే తీసుకోండి.

తర్వాత వ్యాక్యూమ్ పూర్తిగా వదిలిందో లేదో చూడండి. లాగుడు ఉండగా మెంబ్రేన్ ఎత్తితే చిరుగుతుంది. ఫోర్సెప్స్‌ను స్పిరిట్‌లో ముంచి, మంట చూపించి, మంట ఆరాక కాసేపు ఆగండి. వేడి మొన తగిలితే మెంబ్రేన్ ముడుచుకుపోతుంది. పట్టుకోవాల్సింది అంచునే. ఫన్నెల్ బిగిసిన చోట చుట్టూ సన్నని పట్టీలా నీళ్లు తగలని భాగం ఉంటుంది. అది దాటి లోపలికి ఫోర్సెప్స్ పోకూడదు, ఎందుకంటే మీరు లెక్కపెట్టబోయే కణాలు అక్కడే ఉన్నాయి.

ఇక పరవడం. మెంబ్రేన్‌ను చదునుగా జారవిడవకండి. అలా వదిలితే కింద గాలి ఇరుక్కుంటుంది. గోడకు పోస్టరు అంటించేవాళ్లు ఒక అంచు తగిలించి మిగతాది మెల్లగా ఆనిస్తూ వస్తారు కదా, అదే పద్ధతి. ఎదుటి అంచును ముందు అగార్‌కు తాకించండి, మెంబ్రేన్‌ను కొంచెం వంపుగా పట్టుకుని మీ వైపుకు దించుకుంటూ రండి. అగార్ తడిని మెంబ్రేన్ పీల్చుకోవడం కళ్లకు కనిపిస్తుంది: తెల్లటి మెంబ్రేన్ మీద తడి గీత మీ వైపుకు జరుగుతూ వస్తుంది. చివరి అంచు దానంతట అది ఆనేవరకు ఫోర్సెప్స్ వదలకండి.

ఇప్పుడు ప్లేటును వెలుతురులో వంచి చూడండి. ఎక్కడైనా ఒక మచ్చ పొడిగా, తెల్లగా ఉండిపోతే దాని కింద గాలి బుడగ ఉన్నట్టు. ఆ మేర మెంబ్రేన్‌కు మీడియం అందదు. అక్కడున్న బ్యాక్టీరియా పెరగదు, మీ లెక్క తగ్గుతుంది. మర్నాడు చూస్తే చుట్టూ కాలనీలు, మధ్యలో ఖాళీ వలయం కనిపిస్తుంది. కలుషితమైన నీళ్లను మంచి నీళ్లని చెప్పించే తప్పు ఇది, అందుకే ఇంత చెబుతున్నాను.

బుడగ కనిపిస్తే దానికి దగ్గరగా ఉన్న అంచును ఎత్తి, బుడగ దాటే వరకు లేపి, మళ్లీ మెల్లగా దించండి. పై నుంచి ఫోర్సెప్స్‌తో నొక్కి బుడగను పక్కకు తోయడం చూస్తుంటాను, అది చేయకండి. కణాలు ఫోర్సెప్స్‌కు అంటుకుంటాయి లేదా పక్కకు రాసుకుపోయి ఒకటి ఉన్నచోట నాలుగు కాలనీలు వస్తాయి. మెంబ్రేన్‌ను అగార్ మీద జరపడమూ అంతే చెరుపు. వంకరగా పడితే వంకరగానే ఉండనివ్వండి. లెక్కకు అది అడ్డం కాదు.

వాటర్ బాత్‌లో

మూత పెట్టి, ప్లేటు తలకిందులు చేసి, నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, వడకట్టిన 30 నిమిషాల్లోపే బాత్‌లో పూర్తిగా ముంచండి. తేలకుండా పైన బరువు పెట్టండి. 44.5 డిగ్రీలు, అటూ ఇటూ 0.2 మాత్రమే. 24 గంటలు, అటూ ఇటూ రెండు గంటలు.

ఈ 0.2ను చాదస్తం అనుకోవద్దు. మట్టిలోనూ ఆకుల మీదా బతికే కోలిఫాంలను మలం నుంచి వచ్చిన వాటితో వేరు చేసేది ఈ వేడే. ఒక డిగ్రీ తగ్గితే అక్కర్లేనివీ పెరుగుతాయి. ఒక డిగ్రీ పెరిగితే ఈ.కోలైలో కొన్ని కూడా సరిగా పెరగవు. గాలి ఇంక్యుబేటర్‌లో తలుపు తీసిన ప్రతిసారీ వేడి జారుతుంది, పై అరకు కింది అరకు తేడా ఉంటుంది. నీళ్లు వేడిని పట్టి ఉంచుతాయి, కరెంటు కాసేపు పోయినా వెంటనే పడిపోవు. థర్మామీటర్‌ను ప్లేట్లు ఉన్న లోతులోనే ఉంచి చూడండి, డిస్‌ప్లే మీది అంకెను నమ్మకండి.

కాలనీలు చదవడం

10 నుంచి 15 రెట్లు పెద్దది చేసే లెన్సు కింద, వెలుతురు పక్క నుంచి పడేలా చూడండి. నీలం ఏ ఛాయలో ఉన్నా, లేత నీలమైనా, లెక్కలోకి వస్తుంది. బూడిద, మీగడ రంగువి రావు. పై వరస ఎడమ నుంచి కుడికి, రెండో వరస కుడి నుంచి ఎడమకు అలా గళ్ల వెంట వెళ్లండి. గీత మీద పడిన కాలనీని ఎప్పుడూ ఒకే వైపు గడికి చేర్చండి. ఒక ప్లేటులో 20 నుంచి 60 నీలం కాలనీలు ఉంటే ఆ లెక్కను నమ్మవచ్చు. అంతకంటే ఎక్కువైతే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తక్కువైతే ఒకటి రెండు తేడాకే ఫలితం బాగా మారుతుంది.

ఒక ఊరి చేదబావి నీళ్లు తీసుకుందాం. ఎంత మురికో ముందు తెలియదు కాబట్టి 100, 10, 1 మిల్లీలీటర్లు వేర్వేరుగా వడకట్టాం. మర్నాడు 100 ప్లేటు నిండా నీలమే, లెక్కకు అందదు. 10 ప్లేటులో 34 నీలం, 11 మీగడ రంగువి. 1 ప్లేటులో 3 నీలం. నమ్మదగ్గది 34. సూత్రం ఇది:

నీలం కాలనీలు ÷ వడకట్టిన మిల్లీలీటర్లు × 100

34 ÷ 10 × 100 = 340. అంటే 100 మిల్లీలీటర్లకు 340. 1 మిల్లీలీటరు ప్లేటు ప్రకారం 300 వస్తుంది, రెండూ పొసిగాయి. ఆ చిన్న ప్లేటులో 3 బదులు 20 ఉండి ఉంటే సీసా సరిగా ఊపలేదనో, కొలత తప్పిందనో, ఫన్నెల్ నుంచి అంటిందనో అర్థం, మళ్లీ చేయాల్సిందే. అందుకే ఒక్క పరిమాణంతో ఎప్పుడూ సరిపెట్టుకోకండి.

తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ కనిపించకూడదు. అక్కడ 20 కాలనీల నియమం అడ్డురాదు. ట్యాంకు నీళ్లు 100 మిల్లీలీటర్లు వడకట్టి 2 నీలం కాలనీలు వస్తే 2 అనే రాయాలి, ఆ నీళ్లు పనికిరావు. ఒక్కటీ రాకపోతే సున్నా అని కాకుండా "100 మిల్లీలీటర్లలో 1 కంటే తక్కువ" అని రాయండి.

బురద నీళ్లు కాక, ఈ పద్ధతి నమ్మలేని చోటు ఇంకొకటి ఉంది. బ్లీచింగ్ పౌడర్ దెబ్బ తిన్న బ్యాక్టీరియా చావకుండా నీరసించి ఉంటుంది, ఒక్కసారిగా 44.5 డిగ్రీల్లో పడేస్తే పెరగలేదు. క్లోరిన్ వేసిన నీళ్లలో ఏమీ రాకపోతే అదే శాంపిల్‌ను ట్యూబుల్లోనూ వేసి, రెండు ఫలితాలూ చూశాకే సంతకం పెట్టాలి. వాడిన ప్లేట్లను ఆటోక్లేవ్ చేశాకే చెత్తలో వేయండి.