గ్రాఫ్ సరళరేఖ రాలేదా? ముందు చివరి రీడింగ్ చూడండి

లక్షణం 1: చర్య ఆర్డర్ తేల్చడానికి గాఢత, ln గాఢత, 1/గాఢత మూడింటినీ కాలంతో గీస్తే మూడూ సరళరేఖల్లాగే కనిపిస్తున్నాయి.

కారణం: చర్య పది శాతమే జరిగినప్పుడు ఆపేశారు. అంత చిన్న ముక్కలో ఏ వక్రమైనా గీతలాగే ఉంటుంది. కనీసం 75 శాతం పూర్తయ్యేదాకా రీడింగులు తీయండి. ఇది చూడకుండా ఆర్డర్ ఎంతని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

లక్షణం 2: మిథైల్ అసిటేట్‌ను ఆమ్లంలో జలవిశ్లేషణ చేశారు. ఫస్ట్ ఆర్డర్ రావాలి. Vt అంటే t సమయంలో టైట్రేట్ చేస్తే వచ్చే బ్యూరెట్ రీడింగు, V∞ అంటే చర్య పూర్తయ్యాక వచ్చే చివరి రీడింగు. కానీ ln(V∞ − Vt) గ్రాఫ్ మొదట బాగానే ఉండి, చివర్లో కిందికి వంగింది.

వెంటనే "ఇది జీరో ఆర్డర్ వైపు పోతోంది" అనేస్తారు. నేనూ ఒకసారి అలాగే అనుకుని, రెండు రోజులు ప్రయోగం మళ్లీ మళ్లీ చేశాను. తప్పు చర్యది కాదు, V∞ది.

లెక్క తేలిగ్గా ఉండేలా గుండ్రటి అంకెలు తీసుకుందాం. 0, 60, 120, 180 నిమిషాల దగ్గర బ్యూరెట్ రీడింగులు 20, 30, 35, 37.5 మి.లీ. అసలు V∞ 40. మిగిలిన ఎస్టర్‌కు సమానమైనది 20, 10, 5, 2.5. గంటకోసారి సగమవుతోంది, ఫస్ట్ ఆర్డరే. ఇప్పుడు V∞ పొరపాటున 39 వచ్చిందనుకోండి. అవే విలువలు 19, 9, 4, 1.5 అవుతాయి. ln గంటకు 0.75, 0.81, 0.98 చొప్పున తగ్గుతుంది. ఒక్క మి.లీ. తేడా మొదట్లో కనిపించదు, చివర్లో గ్రాఫ్‌ను పాడుచేస్తుంది. V∞ ఎక్కువ వస్తే గ్రాఫ్ పైకి వంగి, సెకండ్ ఆర్డర్ అనే భ్రమ కలిగిస్తుంది.

V∞ ఎందుకు తగ్గుతుంది? చర్య పూర్తవక ముందే టైట్రేట్ చేయడం ఒకటి. రెండోది నన్ను ముంచింది. తొందరగా అవ్వాలని, మూత లేని ఫ్లాస్కును 60 డిగ్రీల నీటిలో పెట్టాను. మిథైల్ అసిటేట్ 57 డిగ్రీల దగ్గరే మరుగుతుంది! జలవిశ్లేషణ కావలసిన ఎస్టర్ కాస్తా గాలిలో కలిసిపోయింది.

పరిష్కారం: ముందు V∞ అవసరం లేని పరీక్ష చేయండి. సమాన వ్యవధుల్లో తీసిన రీడింగుల మధ్య తేడాలు చూడండి. ఇక్కడ 10, 5, 2.5. ప్రతి తేడా ముందుదానిలో ఒకే వంతుగా ఉంటే అది ఫస్ట్ ఆర్డరే, తప్పు V∞లోనే ఉంది. తర్వాత మిగిలిన మిశ్రమాన్ని గట్టిగా మూత బిగించిన ఫ్లాస్కులో మర్నాటిదాకా ఉంచి టైట్రేట్ చేయండి. కొన్ని గంటల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే వస్తే అదే మీ V∞.

వంపు మొదటి బిందువుల నుంచే ఉంటే మాత్రం V∞ను తప్పుపట్టకండి. అప్పుడు నిజంగానే వేరే ఆర్డర్ కావచ్చు. గది ఉష్ణోగ్రత మారడం, చర్య తనను తానే వేగిరపరచుకోవడం లాంటివి ఈ ప్రయోగంలో అరుదు, వాటి వెంట ముందే పడొద్దు.