పెట్టిన ఖర్చును పక్కనపెట్టి నిర్ణయం ఎలా తీసుకోవాలి? కోల్డ్ స్టోరేజీలో మిర్చితో ఒక లెక్క

గుంటూరు అరండల్‌పేటలో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు చాలా ఏళ్లుగా ఎకనామిక్స్ ట్యూషన్ చెబుతున్నాను. ఒకటి ఎంచుకుంటే వదులుకునేవాటిలో అన్నిటికంటే మెరుగైనదే అవకాశ వ్యయమని, పెట్టేసిన ఖర్చు నిర్ణయంలోకి రాకూడదని అందరూ గడగడా అప్పజెబుతారు. అదే పిల్లలు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో "మిర్చి ఇప్పుడు అమ్ముదామా, ఆగుదామా" అనే మాట వస్తే, "మనకు పడిన ఖర్చు కూడా రావట్లేదుగా, ఆగుదాం" అంటారు. పరీక్షలో రాసినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. ప్రతి ఏడాదీ ఇదే చూస్తున్నాను. అందుకే నేను క్లాసులో చేయించే పద్ధతిని మా బాబాయి సరుకుతో సహా ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిల్. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వద్దు. చేత్తో వేసుకుంటేనే ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. కాగితం పైన ఈరోజు తేదీ రాయాలి. ఇది మాత్రం తప్పనిసరి, ఎందుకంటే లెక్క మొత్తం ఆ తేదీ దగ్గరే రెండుగా విడిపోతుంది.

లాభాలు ఒకవైపు, నష్టాలు ఇంకోవైపు రాసుకునే పద్ధతి చాలామందికి అలవాటు. నేను దాన్ని ఒప్పుకోను. అందులో పోయిన డబ్బు, రాబోయే డబ్బు ఒకే వరుసలో కూర్చుంటాయి. ఒకసారి అలా కలిశాక మళ్లీ విడదీయడం మొదటి సంవత్సరం విద్యార్థి వల్ల కాదు.

మొదటి మెట్టు: దారులు రాయండి

బాబాయి దగ్గర 40 క్వింటాళ్ల తేజ మిర్చి ఉంది. 100 టిక్కీలు, అంటే బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. వేసవి సెలవుల తర్వాత మిర్చి యార్డు తెరిచారు. జూన్ నెలాఖరు. క్వింటాలుకు 12,000 వచ్చేలా ఉంది. ఆగితే నవంబరు దాకా, అంటే ఐదు నెలలు ఆగుదామని ఆయన ఆలోచన. అంతకన్నా ఆగితే జనవరి నుంచి కొత్త కాయ రావడం మొదలవుతుంది, పాత సరుకును అడిగేవాళ్లు తగ్గుతారు. కాబట్టి దారులు రెండే: ఇప్పుడు అమ్మడం, నవంబరులో అమ్మడం. కమీషను, హమాలీ ఖర్చులు రెండు దారుల్లోనూ దాదాపు ఒకటే కనుక వాటిని వదిలేస్తున్నాను.

రెండో మెట్టు: కొట్టేయాల్సినవి కొట్టేయండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

కౌలు, విత్తనం, ఎరువులు, మందులు, కోత కూలీలు అన్నీ కలిపి బాబాయికి క్వింటాలుకు 14,000 పడింది. "పద్నాలుగు పడిన సరుకును పన్నెండుకు ఎలా ఇస్తాన్రా?" అన్నాడు. ఆ మాటలో బాధ ఉంది, నాకు తెలుసు. కానీ ఇప్పుడు అమ్మినా, నవంబరులో అమ్మినా, కాయంతా పారబోసినా ఆ 14,000 తిరిగి రాదు. ఏ దారిలో వెళ్లినా మారని అంకె, దారి ఎంచుకోవడానికి పనికిరాదు. దాన్నే సంక్ కాస్ట్ అంటాం, మునిగిపోయిన ఖర్చు. ఆ అంకె మీద అడ్డంగా గీత కొట్టండి. చెరిపేయకండి, గీత కొట్టండి. అది ఎందుకో చివర్లో తెలుస్తుంది.

నిజంగానే అది పనికిరాదా అని అనుమానం వస్తే ఇలా చూడండి. బాబాయికి 14,000 కాకుండా 9,000 మాత్రమే పడిందనుకుందాం. అప్పుడాయన "మూడు వేలు మిగులుతోంది, అమ్మేద్దాం" అనేవాడు. యార్డులో ధర అదే, సరుకు అదే, నవంబరులో ఏమవుతుందో తెలియకపోవడమూ అదే. అయినా నిర్ణయం తారుమారైంది. అంటే నిర్ణయం తీసుకుంటున్నది రేపటి ధర కాదు, నిన్నటి ఖర్చు. ఈ ఉచ్చు ఆగేవాడినే కాదు, తొందరపడి అమ్మేవాడినీ పడేస్తుందని పిల్లలు గమనించరు.

చదువుకున్నవాళ్లు కూడా దీనికి అతీతులు కారు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒహాయో యూనివర్సిటీలో నాటకాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చారు. ఎవరికి తగ్గించాలన్నది ముందే లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. అందరి చేతిలో ఉన్నది ఒకే టికెట్టు. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. డబ్బు ఎక్కువ పోయిందని కాళ్లు అటు నడిచాయి.

ఇంకా కష్టమైనది అద్దె. టిక్కీకి సీజన్‌కు 200 చొప్పున 100 టిక్కీలకు 20,000. బాబాయి ఇంకా కట్టలేదు, సరుకు బయటికి తీసేటప్పుడు కట్టాలి. "ఇంకా కట్టలేదు కాబట్టి మునగలేదు, లెక్కలో ఉండాలి" అని పిల్లలంతా రాస్తారు. తప్పు. ఆయన మాట్లాడుకున్నది సీజన్ అద్దె. జూన్‌లో తీసినా 20,000, నవంబరులో తీసినా 20,000. చేతి నుంచి ఇంకా పోకపోయినా ఇక తప్పించుకోలేని డబ్బు అది. దానిమీదా గీత కొట్టాలి. అదే అద్దె నెలకింత అని ఉంటే రాబోయే ఐదు నెలల అద్దె లెక్కలో ఉంటుంది. సరుకు స్టోరేజీలో పెట్టకముందు ఏప్రిల్‌లో ఈ కాగితం రాసినా 20,000 లెక్కలో ఉండేది. కట్టావా లేదా అని అడగకండి. ఈ తేదీ తర్వాత నేను తీసుకునే నిర్ణయం వల్ల ఈ అంకె మారుతుందా అని అడగండి.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది. కట్టేసిన డబ్బంతా మునిగిందని గీత కొట్టేస్తారు. విజయవాడలో కోచింగ్‌లో చేరిన అమ్మాయి ఒకరు 60,000 కట్టి, వారం తర్వాత మానేయాలా అని నన్నడిగింది. మొత్తం 60,000 మీద గీత కొట్టింది. కాగితాలు చదివితే, పదిహేను రోజుల్లోపు మానేస్తే అందులో 20,000 వెనక్కి ఇస్తామని ఉంది. మునిగింది 40,000 మాత్రమే. ఆ 20,000, కొనసాగితే వదులుకోవాల్సిన డబ్బు, కాబట్టి కొనసాగడానికి అయ్యే ఖర్చులోకి వస్తుంది. తిరిగి రాగలిగే రూపాయిని మునిగినదాంట్లో కలపకండి.

మూడో మెట్టు: అవకాశ వ్యయం రాయండి

ఇప్పుడు ఆగడానికి అసలు ఖర్చెంత? ముందుగా ఇవాళ వదులుకునే 12,000. పైగా ఆ డబ్బు ఇవాళే చేతికొస్తే ఐదు నెలల్లో చేసే పని. బాబాయి ఆ డబ్బుతో ఏం చేయగలడు? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు 2,40,000 ఉంది, అది తీర్చవచ్చు. బ్యాంకులో ఏడాదికి 6 శాతానికి వేయవచ్చు, అంటే అర్ధ రూపాయి వడ్డీ. పిల్లలు ఈ రెండూ కూడి రెండున్నర అని రాస్తారు. ఒకే రూపాయి రెండు చోట్లకు వెళ్లదు. వదులుకున్నవాటిలో అన్నిటికంటే మెరుగైనది ఒక్కటే అవకాశ వ్యయం.

ఇది చిన్న విషయం కాదు. 2005లో అమెరికా ఆర్థికవేత్తల వార్షిక సమావేశంలో పాల్ ఫెరారో, లారా టేలర్ అనే పరిశోధకులు దాదాపు 200 మందిని అవకాశ వ్యయం మీద ఒక ప్రశ్న అడిగారు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. సరైనది ఎంచుకున్నది 22 శాతం లోపే.

మొత్తం సరుకు విలువ 4,80,000. మొదటి 20 క్వింటాళ్ల డబ్బు సరిగ్గా అప్పుకు సరిపోతుంది. ఆ డబ్బు రాకపోతే క్వింటాలుకు నెలకు 240 వడ్డీ, ఐదు నెలలకు 1,200. కాబట్టి ఈ సగాన్ని ఆపడానికి నవంబరులో కనీసం 13,200 రావాలి. అప్పు తీరాక మిగతా 20 క్వింటాళ్ల డబ్బు వెళ్లేది బ్యాంకుకే. నెలకు 60, ఐదు నెలలకు 300. ఈ సగానికి 12,300 వస్తే చాలు. ఒకే స్టోరేజీలో పక్కపక్కన ఉన్న ఒకే రకం కాయ, అయినా ఆపడానికయ్యే ఖర్చు వేరు. దాని డబ్బు ఎక్కడికి వెళ్లేదో అదే తేల్చింది. 14,000 ఎక్కడా కనిపించలేదు, చూడండి.

నాలుగో మెట్టు: తిప్పి అడగండి

నవంబరు ధర 12,700 దాకా పోవచ్చని బాబాయి అంచనా. ఆయన్ను ఒకటే అడిగాను. "బాబాయ్, ఇవాళ నీ దగ్గర కాయ లేదనుకో. స్టోరేజీలో చోటు ఉచితంగా ఇస్తారనుకో. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, యార్డులో పన్నెండుకు కాయ కొని నవంబరు దాకా పెడతావా?"

"పిచ్చా నాకు? ఎవడు పెడతాడు?" అన్నాడు. 

ఆ అప్పు ఉంచుకుని ఆ సగం సరుకు ఆపడమంటే చేస్తున్నది అదే. బ్యాంకులో ఉన్న సొంత డబ్బుతో అయితే కొని పెడతావా అని రెండో సగం గురించి అడిగితే కాసేపు ఆలోచించి, "పెడతానేమో" అన్నాడు. 12,700 అంచనా 13,200 కన్నా తక్కువ, 12,300 కన్నా ఎక్కువ, కాగితం మీద లెక్కా అదే చెప్పింది. జులై మొదటి వారంలో 50 టిక్కీలు అమ్మి అప్పు తీర్చాడు, 50 ఉంచాడు. ఆ ఉంచినవాటికి ధర పడిపోయే ప్రమాదం లేకపోలేదు. అంచనా ఎంత గట్టిదో ఈ పద్ధతి చెప్పలేదు, ఎంత ధర రావాలో మాత్రమే చెబుతుంది. నవంబరులో ధర పెరిగిందా తగ్గిందా చూసి జూన్ నిర్ణయాన్ని మంచిదనో చెడ్డదనో అనకండి. జూన్‌లో తెలిసినదాంతోనే దాన్ని కొలవాలి.

అమ్మిన రోజు సాయంత్రం బాబాయి అడిగాడు: "అయితే ఈ ఏడు మళ్లీ మిరప వేసేటప్పుడు కూడా ఖర్చు సంగతి మర్చిపొమ్మంటావా?"

లేదు. గీత కొట్టమన్నాను గానీ చెరపొద్దన్నది ఇందుకే. కొత్త కాగితం మీద కొత్త తేదీ వేస్తే కౌలు, విత్తనం, మందులు, కూలీలు అన్నీ ఇంకా పెట్టని ఖర్చులు. ఏదీ మునగలేదు, అన్నీ లెక్కలోకి వస్తాయి. పోయిన ఏడు క్వింటాలుకు 14,000 పడిందన్నది ఈ ఏడు ఎంత పడొచ్చో చెప్పే ఆధారం. పాత కాగితం మీద గీత కింద ఇంకా కనిపిస్తున్న ఆ అంకెను చూసి, కొత్త కాగితంలో మొదటి వరుసలో బాబాయే రాసుకున్నాడు.