పడమటి కిటికీకి సజ్జ ఎంత పెట్టాలె, నిలువు ఫిన్నులు పనిచేస్తయా? వరంగల్ ఎండ లెక్కతో ఎట్ల చేయాలి

హన్మకొండల మొదటి అంతస్తుల ఒక బెడ్రూం అనుకుందం, పడమటి గోడకు 4 అడుగుల వెడల్పు 4 అడుగుల ఎత్తు కిటికీ, దాని మీద అందరి ఇండ్లల్ల ఉన్నట్టే 2 అడుగుల సజ్జ. ఏప్రిల్, మే నెలల్ల పగలు రెండు దాటిందంటే ఎండ మంచం మీదికి వస్తది. సాధారణంగ మేస్త్రి చెప్పేది సజ్జ ఇంకో అడుగు పెంచుదం అని, ఎలివేషన్ డిజైన్ గీసేటాయన చెప్పేది పక్కన గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు, అంటే ఫిన్నులు పెడ్దం, లుక్కు కూడ వస్తది అని. రెండిట్ల ఏది పనికొస్తదో సూర్యుడి లెక్క చూస్తే అర్థమైతది, లెక్క కూడ ఫోన్ల కాలిక్యులేటర్ అడ్డం తిప్పితే వచ్చే tan బటన్ తోని అయిపోతది.

1. గోడ ఎటు చూస్తుందో ముందు చూడాలె

ఆర్‌సీసీ ఇంట్ల ఫోన్ కంపాస్‌ను నమ్మొద్దు, స్లాబుల ఉన్న ఇనుము దాన్ని తప్పు దారి పట్టిస్తది. గూగుల్ మ్యాప్స్‌ల సాటిలైట్ వ్యూ పెట్టి, పైవైపు ఉత్తరం ఉండేటట్టు చేసి మీ ఇంటి అంచు చూడుండ్రి. దిక్కును ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు డిగ్రీలల్ల కొలుస్తం, గోడ సరిగ్గ పడమరకే చూస్తే దాని దిక్కు 270 డిగ్రీలు. నైరుతికి 15 డిగ్రీలు తిరిగి ఉంటే 255. ఇక్కడ నేను 270 పెట్టుకుని చేస్తున్న.

2. సూర్యుడు ఎక్కడుంటడో తెలుసుకోవాలె

వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే రెండో వారం నుంచి జులై ఆఖరి దాక మధ్యాహ్నం సూర్యుడు మనకు దక్షిణాన కాదు, నెత్తి మీదనో కొంచెం ఉత్తరానికో ఉంటడు. అందుకే దక్షిణం కిటికీకి మామూలు ఒకటిన్నర అడుగు సజ్జ ఎండకాలమంత సరిపోతది, దాని గురించి బుర్ర పాడుచేసుకునేది లేదు. అసలు కథంత పడమర గోడదే.

ఏ రోజు ఏ టైంకి సూర్యుడు ఎంత ఎత్తుల, ఏ దిక్కుల ఉంటడో `NOAA Solar Calculator` ల చూడొచ్చు. మే 1న సూర్యుడి లెక్క ప్రకారం సాయంత్రం 4 గంటలకు ఎత్తు సుమారు 32.6 డిగ్రీలు, దిక్కు సుమారు 276.6. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం 79.6 దగ్గర ఉన్నం కాబట్టి ఆ రోజు గడియారంల అది దాదాపు 4:10 అయితది.

3. సజ్జ నీడ ఎంత కిందికి దిగుతదో లెక్క కట్టుండ్రి

```
HSA = సూర్యుడి దిక్కు - గోడ దిక్కు
tan(VSA) = tan(సూర్యుడి ఎత్తు) / cos(HSA)
నీడ = సజ్జ పొడుగు × tan(VSA)
```

HSA అంటే గోడకు ఎదురుగ నిలబడితే సూర్యుడు ఎంత పక్కకు ఉన్నడు అనేది, VSA అంటే గోడను పక్క నుంచి చూస్తే ఎండ ఎంత వాలుగ దిగుతుంది అనేది. మే 1న మూడింటికి VSA 47 డిగ్రీలు, 2 అడుగుల సజ్జ నీడ 2.1 అడుగులు, అంటే సగం కిటికీ. నాలుగింటికి 32.8 డిగ్రీలు, నీడ 1.3 అడుగులే. ఐదింటికి 18.8 డిగ్రీలు, నీడ 8 ఇంచులు. నాలుగింటికి మొత్తం 4 అడుగులు నీడ కావాలంటే సజ్జ 6.2 అడుగులు రావాలె, అది సజ్జ కాదు వరండా. ఇంకో అడుగు పెంచితే నాలుగింటికి రెండు అడుగుల నీడ కూడ రాదు, డబ్బులు దండగ.

నమ్మకం లేకపోతే కిటికీ కింది అంచు నుంచి సజ్జ బయటి అంచుకు ఒక దారం కట్టి చూడుండ్రి. ఆ దారం వాలు కన్న ఎండ వాలు తగ్గిన క్షణం నుంచి కిటికీల ఎండ మొదలు, మే మొదట్ల అది పగలు రెండు గంటల దగ్గరనే.

4. మరి నిలువు ఫిన్నులు?

ఇక్కడనే చానమంది మోసపోతరు. ఫిన్ను పనిచేయాలంటే సూర్యుడు పక్క నుంచి రావాలె. మనకు మే 1న నాలుగింటికి HSA 6.6 డిగ్రీలు, అంటే సూర్యుడు దాదాపు గోడకు సూటిగ ఎదురుగనే ఉన్నడు. 2 అడుగుల ఫిన్ను నీడ 24 × tan(6.6), మూడు ఇంచులు కూడ లేదు! మార్చి 21న 10 డిగ్రీలు దక్షిణం వైపు, జూన్ 21న 17 డిగ్రీలు ఉత్తరం వైపు, ఎండకాలమంత ఇంతే అటూఇటూ. గోడకు లంబంగ పెట్టిన ఫిన్నులు పడమర ముఖానికి ఎలివేషన్ సోకు మాత్రమే.

అవే ఫిన్నులు ఉత్తరం కిటికీకి పెడితే బ్రహ్మాండంగ పనిచేస్తయి. జూన్‌ల సాయంత్రం ఎండ ఉత్తరం గోడకు బాగ పక్క నుంచి వస్తది, 4 అడుగుల కిటికీకి పడమటి పక్కన 18 ఇంచుల ఫిన్ను ఒక్కటి ఐదు దాటేదాక మొత్తం కవర్ చేస్తది.

5. పడమరకు ఏం చేయాలె: సజ్జ అంచుకు వేలాడే అడ్డ పట్టీల ఫ్రేము

ఉన్న సజ్జను పెంచకుండ, దాని బయటి అంచుకు అడ్డ పట్టీల ఫ్రేము ఒకటి కిందికి వేలాడదీయాలె. కిటికీ మొత్తం ఎత్తు అవసరం లేదు. నాలుగింటికి కిటికీ కింది అంచును తాకే ఎండ, సజ్జ అంచు దగ్గర ఆ లెవెల్ కన్న 1.3 అడుగులు పైనుంచి వస్తది, కాబట్టి 3 అడుగుల ఫ్రేము చాలు. కింద ఒక అడుగు ఖాళీ ఉంటది, వీధి కనబడ్తది, గాలి వస్తది. బయటికి తెరుచుకునే కిటికీ రెక్కలు కూడ ఫ్రేముకు తగలకుండ ఉండాలె కాబట్టి సజ్జ కిందనే రెక్క తిప్పి కొలుచుకోండ్రి. అందుకే గోడకు ఆనించి కాకుండ ఇట్ల దూరంగ పెట్టడం నాకు నచ్చుతది.

పట్టీలు 6 ఇంచుల వెడల్పు, 6 ఇంచులకు ఒకటి, మొత్తం ఆరు. ఒక్కో పట్టీ బయటి అంచు లోపలి అంచు కన్న 3 ఇంచులు కిందికి ఉండాలె, అది 30 డిగ్రీల వాలు. ఇట్ల పెడితే నాలుగింటి ఎండకు పట్టీల మధ్య సందు 6.35 ఇంచులున్నా మూసుకపోతది, మనం పెట్టింది 6 మాత్రమే. ఐదింటికి ఒక్కో సందుల ఇంచున్నర లోపు ఎండ చార వస్తది, కిటికీ కింద నాలుగు ఇంచుల పట్టీ లాగ ఎండ పడ్తది, అప్పటికి ఎండ పవర్ తగ్గుతది కాబట్టి దానికోసం సందులు ఇంకా దగ్గర చేసి గదిని చీకటి చేసుకోవద్దని నా అభిప్రాయం.

ఫ్రేము వెడల్పు కిటికీ కన్న రెండు పక్కల 8 ఇంచులు ఎక్కువ ఉండాలె. రెండు అడుగుల దూరంల ఉంది కాబట్టి జూన్‌ల 17 డిగ్రీల పక్క ఎండ 7 ఇంచులు లోపలికి జరుగుతది, అది మర్చిపోతే గోడ అంచు దగ్గర నిలువు ఎండ గీత కనబడ్తది.

6. వెల్డింగ్ షాపుల చెప్పేటప్పుడు

కాగితం మీద పక్క నుంచి చూసిన బొమ్మ గీసి "ఇది బయట, ఇది లోపల" అని రాసి ఇవ్వుండ్రి. పట్టీ వాలు తిరగేసి బయటి అంచు పైకి పెట్టిండ్రంటే నాలుగింటికి పట్టీకి అర ఇంచు నీడ కూడ రాదు, పైగా వాన నీళ్లు లోపలికి జారుతయి. స్క్వేర్ పైపు ఫ్రేము, జీఐ షీటు లేకపోతే అల్యూమినియం పట్టీలు, లేత రంగు. వానలకు ముందు వచ్చే గాలిదుమారం, పైన ఊగే కోతులు, రెండిటినీ దృష్టిల పెట్టుకుని సజ్జ అంచు కాంక్రీటు గట్టిగుందో లేదో చూసి యాంకర్ బోల్టులు వేయించాలె, పెచ్చులూడుతున్న పాత సజ్జ అయితే ఫ్రేమును గోడకు బ్రాకెట్లతోని కూడ పట్టించాలె.

బిగించే ముందు ఒక మధ్యాహ్నం అట్టముక్కలతోని అదే వాలుల రెండు పట్టీలు కట్టి, నాలుగుంబావు దాక కిటికీ మీద నీడ చూడుండ్రి. మధ్యల వెలుగు గీత వస్తే సందు తగ్గించాలె, లేకపోతే వాలు పెంచాలె. మార్చి ఆఖర్ల చూస్తే మాత్రం సన్నని గీత ఒకటి వస్తది, అప్పుడు సూర్యుడు మే కన్న కొంచెం కిందికి ఉంటడు కాబట్టి, దానికి డిజైన్ మార్చే పనిలేదు.