టైటన్ సరస్సులో పడవ దింపే ముందు జాగ్రత్తలు

శని గ్రహపు అతి పెద్ద ఉపగ్రహం టైటన్ మీద ద్రవ మీథేన్ సరస్సులు ఉన్నాయి. వాటిలో ఒక యంత్రపు పడవను తేలించాలనుకునేవారు చంద్రుడి కోసం చేసే ఏర్పాట్లను నమ్ముకోకూడదు. చంద్రుడి మీద బాధ గాలి లేకపోవడం. టైటన్ మీద బాధ గాలి మరీ ఎక్కువగా ఉండటం.

ఉపరితలం దగ్గర ఆ గాలి పీడనం భూమి మీది పీడనానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. అందులో 95 శాతం నత్రజని, మిగిలినదంతా దాదాపు మీథేనే. టైటన్ గురుత్వం మన గురుత్వంలో ఏడో వంతే అయినా అంత గాలిని పట్టి ఉంచగలుగుతోందంటే కారణం చలి. మైనస్ 179 డిగ్రీల సెల్సియస్ దగ్గర అణువులు మందకొడిగా కదులుతాయి, తప్పించుకుపోయేంత వేగం వాటికి చాలా అరుదుగా వస్తుంది. టైటన్ కంటే కాస్త పెద్దదైన గురు గ్రహపు గానిమీడ్‌కు చెప్పుకోదగ్గ గాలే లేదు. సూర్యుడికి మరింత దూరంలో, మరింత చలిలో పుట్టిన టైటన్ అమ్మోనియా మంచును కలుపుకుందనీ, ఆ అమ్మోనియా విడిపోయి నత్రజని అయిందనీ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మీథేన్ మైనస్ 182 దగ్గర గడ్డకడుతుంది, భూమి మీది పీడనంలో మైనస్ 161 దగ్గర మరుగుతుంది. టైటన్ ఉష్ణోగ్రత ఆ ఇరుకు సందులో పడింది కాబట్టే అది ద్రవంగా నిలిచింది. ఆ ఉష్ణోగ్రతను అక్కడ నిలబెట్టడంలో మీథేన్‌కూ వంతు ఉంది: నత్రజనితో కలిసి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. అయితే సూర్యకాంతి పై పొరల్లో మీథేన్‌ను నిరంతరం విరగ్గొడుతోంది. లోపలి నుంచి కొత్తది రాకపోతే కొన్ని కోట్ల ఏళ్లలో అయిపోవాలి. ఎక్కడి నుంచి వస్తోందన్నది ఇంకా తేలని లెక్క.

ఇక పడవ సంగతి. నీటిలో తేలింది కదా అని దింపేస్తే మునిగిపోవచ్చు. ద్రవ మీథేన్ సాంద్రత నీటి సాంద్రతలో సగం కూడా లేదు, లీటరుకు సుమారు 450 గ్రాములు. వంద కిలోల పడవ నీటిలో వంద లీటర్లను పక్కకు నెడితే చాలు, మీథేన్‌లో దాదాపు 220 లీటర్లను నెట్టాలి. గురుత్వం తక్కువ కదా అనుకోవద్దు. పడవ బరువు తగ్గిన నిష్పత్తిలోనే ద్రవం బరువూ తగ్గుతుంది. కొన్ని సరస్సుల్లో ఈథేన్ ఎక్కువగా ఉంటుంది, అది మీథేన్ కంటే బరువైనది. అయినా పడవ పరిమాణాన్ని తేలికైన ద్రవానికే లెక్కగట్టండి.

అసలు జాగ్రత్త వేడి విషయంలో. శూన్యంలో పనికొచ్చే పలుచని మెరుపు రేకుల కవచం ఇక్కడ దండగ, ఎందుకంటే దట్టమైన చల్లగాలి యంత్రాన్ని తాకుతూ వేడిని లాగేసుకుంటుంది. దానికి బదులు మందమైన నురుగు కవచం కావాలి. మసక పొగమంచు వెనక సూర్యుడు బలహీనం కాబట్టి సౌరఫలకాలు వద్దు, అణు విద్యుత్ జనరేటరే తీసుకెళ్లాలి. అయితే దాని వృథా వేడి లోపలి యంత్రాలను కాపాడటానికి ఎంత అవసరమో, బయటికి కారితే అంత చేటు.

2005 జనవరి 14న హైగెన్స్ అనే పరిశోధక నౌక టైటన్ నేల మీద దిగినప్పుడు జరిగింది చూడండి. నేలను తాకిన వెంటనే దాని పరికరంలో మీథేన్ కొలత ఒక్కసారిగా పెరిగింది. వాన పడలేదు. పరికరపు వేడి గొట్టం తడి నేలలోని మీథేన్‌ను ఆవిరి చేసింది. కాబట్టి దిగాక మీథేన్ పెరిగితే ముందు మీ యంత్రాన్నే అనుమానించండి. సరస్సులో ఇబ్బంది ఇంకో రకం. చల్లని మీథేన్‌లో నత్రజని బాగా కరిగి ఉంటుంది, మూత తీసిన సోడాలా కొద్దిపాటి వెచ్చదనానికే అది బుడగలై పొంగుతుంది. ఆ బుడగలు చోదక పంఖా పట్టును సడలిస్తాయి, ధ్వనితో లోతు కొలిచే పరికరాన్ని తికమక పెడతాయి. వేడి బయటపడే భాగాన్ని ద్రవానికి తగలకుండా పైన గాలిలోకి తిప్పండి. కొలతలు తీసుకునేటప్పుడు పంఖాను ఆపండి.

నిప్పు అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు, మండటానికి అక్కడ ఆక్సిజనే లేదు.

చివరగా కాలం చూసుకోండి. పెద్ద సరస్సులు దాదాపు అన్నీ ఉత్తర ధ్రువం వైపే ఉన్నాయి, శని సంవత్సరం మన లెక్కలో 29 ఏళ్లకు పైనే. ఉత్తరాన చలికాలం వస్తే సూర్యుడితోపాటు భూమి కూడా దిగంతం కిందికి జారుతుంది, నేరుగా సంకేతాలు పంపే దారి మూసుకుపోతుంది. సంకేతాలను అందిపుచ్చుకునే కక్ష్యా నౌక వెంట లేకపోతే 2040 ప్రాంతం దాకా ఆగడమే మేలు. 2028లో బయలుదేరి 2034లో చేరాల్సిన నాసా వారి ఎగిరే యంత్రం డ్రాగన్‌ఫ్లై సరస్సుల జోలికి పోకుండా మధ్యరేఖ దగ్గరి ఇసుకదిబ్బలకు వెళ్లడానికి ఇదీ ఒక కారణం.