గ్రూపు వదిలేముందు అడ్మిన్ బాధ్యత అప్పగించారా?

- వాట్సాప్ గ్రూపులో ఉన్న ఒకే ఒక్క అడ్మిన్ వెళ్లిపోతే, సభ్యుల్లో ఎవరో ఒకరిని యాప్ తానే అడ్మిన్‌ను చేసేస్తుంది. వాళ్లు నెలల తరబడి గ్రూపు తెరవనివాళ్లూ కావచ్చు. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే గ్రూపైతే ఇక మూగబోయినట్టే.

- రోజూ గ్రూపు చూసే ఇద్దరిని ముందే అడిగి అడ్మిన్లను చేయండి. ఒక్కరే ఉంటే, రేపు వాళ్లు వెళ్లినా మళ్లీ ఇదే తంతు.

- సభ్యుల జాబితాలో వాళ్ల పేరు పక్కన అడ్మిన్ అని కనిపించాకే బయటికి రండి.

- టెలిగ్రామ్‌లో ఓనర్‌షిప్ వేరు, అడ్మిన్‌ను చేసినంత మాత్రాన మారదు. అన్ని హక్కులూ ఇచ్చాకే బదిలీ ఆప్షన్ కనిపిస్తుంది. మీ ఖాతాకు టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి 7 రోజులు దాటి ఉండాలి కాబట్టి వారం ముందే మొదలుపెట్టండి. మనిషిని చూసి ఇవ్వండి, కొత్త ఓనర్ ఇస్తే తప్ప అది మీకు తిరిగి రాదు.